రక్తదానానికి ముందు విరామం: టీకా, జ్వరం, యాంటీబయాటిక్ మందుల తరవాత లెక్క

రక్తదానం చేయదలచిన వ్యక్తి ఇటీవల టీకా వేయించుకున్నా, జ్వరపడి లేచినా, యాంటీబయాటిక్ మందులు వాడినా, నిర్ణీత కాలం గడిచేదాకా అతని రక్తాన్ని సేకరించకుండా ఆపడాన్ని వైద్య పరిభాషలో తాత్కాలిక వాయిదా అంటారు. భారతదేశంలో ఈ వాయిదాలకు రెండు ఆధారాలున్నాయి. మొదటిది చట్టబద్ధమైన 1945 నాటి ఔషధ నియమాలు. 2020లో వీటిని సవరించినప్పుడు అప్పటిదాకా ‘బ్లడ్ బ్యాంక్’గా ఉన్న పేరు ‘రక్త కేంద్రం’గా మారింది గాని, జనం నోట ఇప్పటికీ పాత పేరే నడుస్తోంది. రెండవది దాతల ఎంపికపై జాతీయ రక్త మార్పిడి మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకాలు. ఈ వ్యాసంలోని గడువులు, వేరే దేశం పేరు చెప్పిన చోట తప్ప, ఆ మార్గదర్శకాలవే.

సేకరించిన ప్రతి సంచి రక్తానికీ మన దేశంలో ఐదు పరీక్షలు తప్పనిసరిగా చేస్తారు: హెచ్ఐవీ, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, సిఫిలిస్, మలేరియా. డెంగీ, చికున్‌గున్యా, టైఫాయిడ్, గొంతునొప్పి కలిగించే సూక్ష్మజీవులు, టీకాలోని బలహీనపరచిన వైరస్ ఈ ఐదింటిలో దేనికీ దొరకవు. ప్రయోగశాల పట్టుకోలేని ఆ ఖాళీని దాత చెప్పే సమాధానం, దాన్నిబట్టి విధించే గడువు కలిసి పూడ్చవలసి ఉంటుంది. కనుక వాయిదా అనేది దాత ఆరోగ్యంపై తీర్పు కాదు. పరీక్షకు అందని దాన్ని కాలానికి అప్పగించే పద్ధతి మాత్రమే. ఒక్క సంచి నుంచి ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా అనే మూడు భాగాలు విడదీసి ముగ్గురు రోగులకు ఎక్కించే వీలుంది కాబట్టి, ఒక దాత పొరపాటు ముగ్గురిని తాకగలదు. పైగా రక్తం ఎక్కించుకునేవారిలో కాన్సర్ చికిత్సతో రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారూ, రెండు మూడు వారాలకొకసారి రక్తం తప్పనిసరైన తలసేమియా పిల్లలూ ఉంటారు.

టీకా తరవాత

టీకాల విషయంలో మొదట తేల్చుకోవలసింది అందులోని సూక్ష్మజీవి బతికి ఉందా లేదా అన్నది. చంపిన సూక్ష్మజీవితోనో, దాని శరీరంలోని ఒక ముక్కతోనో, నిర్వీర్యం చేసిన విషపదార్థంతోనో తయారైన టీకా శరీరంలో పెరగదు, వృద్ధి చెందదు. ధనుర్వాతానికి ఇచ్చే టీటీ ఇంజక్షన్, ఇంజక్షన్ రూపంలోని టైఫాయిడ్, ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోకోకల్ టీకాలు, గర్భాశయ ముఖ కాన్సర్ నివారణకు ఇచ్చే పాపిలోమా వైరస్ టీకా ఈ కోవలోవి. వీటికి గడువు 14 రోజులు. రెండవ కోవలోవి సజీవ టీకాలు. వీటిలోని వైరస్‌నో బాక్టీరియానో బలహీనపరుస్తారే గాని చంపరు. అది శరీరంలో కొంత వృద్ధి చెందితేనే రక్షణ ఏర్పడుతుంది. నోటి చుక్కల పోలియో టీకా, తట్టు–రుబెల్లా–గవదబిళ్లల టీకా, పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) టీకా ఇటువంటివి. వీటికి గడువు 28 రోజులు.

జబ్బు పేరు చెప్పినంత మాత్రాన టీకా ఏ కోవలోదో తెలియదు. మెదడువాపు వ్యాధికి సజీవ టీకా ఉంది. హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసే జెన్‌వాక్ మాత్రం నిర్జీవ టీకా. టైఫాయిడ్‌కు నోటి ద్వారా తీసుకునేది సజీవం, ఇంజక్షన్‌గా ఇచ్చేది నిర్జీవం. ఇన్‌ఫ్లుయెంజాకు ముక్కులో పిచికారీ చేసేది సజీవం, కండకు వేసేది నిర్జీవం. అందుచేత శిబిరానికి వచ్చే దాత ‘మెదడువాపు టీకా వేయించుకున్నాను’ అని చెప్పడం చాలదు. టీకా కార్డు చూపించాలి. కార్డు లేనప్పుడు 28 రోజులుగా లెక్కించడమే క్షేమం.

సజీవ టీకాలోని వైరస్ నిజంగా మరొకరి ఒంట్లోకి వెళ్లగలదా అన్న సందేహానికి అమెరికాలోని కాలిఫోర్నియాలో 2009లో జరిగిన ఘటన సమాధానం. పచ్చజ్వరం టీకా వేయించుకుని నాలుగు రోజులే అయిన సైనిక శిక్షణార్థులు ఆ సంవత్సరం మార్చిలో రక్తమిచ్చారు. వారి సంఖ్య 89. టీకా సంగతి ఆసుపత్రి రక్త కేంద్రానికి తెలిసేసరికి ఏప్రిల్ వచ్చింది. ఆలోగా ఆ రక్తభాగాల్లో కొన్నింటిని ఐదుగురు రోగులకు ఎక్కించారు. తరవాత బతికి ఉన్న నలుగురిని పరీక్షిస్తే ముగ్గురి రక్తంలో టీకా వైరస్‌కు ప్రతిగా కొత్తగా పుట్టిన ప్రతిరక్షకాలు కనిపించాయి. అంటే దాత భుజానికి వేసిన టీకా రోగి ఒంట్లో పనిచేసింది. ఆ ముగ్గురికీ దానివల్ల జబ్బు లక్షణాలు కలగలేదు గాని, కలగవన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. రోగనిరోధక శక్తి లోపించినవారికి పచ్చజ్వరం టీకాను నేరుగా ఇవ్వడానికే వైద్యులు వెనకాడతారు. ఈ టీకా వైరస్ రక్తంలో సంచరించేది ప్రధానంగా మొదటి పది రోజుల్లోనే కావడం వల్ల అమెరికాలో దీనికి రెండు వారాల గడువే ఉంది. భారతదేశం సజీవ టీకాలన్నిటినీ ఒకే తాటిపై ఉంచి 28 రోజులు పాటిస్తుంది. ఉద్యోగరీత్యా పలు ఆఫ్రికా దేశాలకు వెళ్లే తెలుగువారికి ఈ టీకా తప్పనిసరి అవుతుంది కాబట్టి, ప్రయాణానికి ముందు రక్తమివ్వాలనుకునేవారు టీకాకు ముందే ఇవ్వడం మేలు.

హెపటైటిస్-బి టీకా చిక్కు వేరు. ఈ టీకాలో ఉండేది ఆ వైరస్ పైపొరలోని ప్రోటీన్ మాత్రమే. వైరస్ ఉండదు, కాబట్టి సోకే ప్రశ్నే లేదు. అయితే రక్త కేంద్రంలో హెపటైటిస్-బి కోసం చేసే పరీక్ష వెతికేది సరిగ్గా ఆ ప్రోటీన్‌నే. టీకా వేయించుకున్న తొలి రెండు మూడు వారాల్లో ఆ ప్రోటీన్ ఆనవాళ్లు రక్తంలో మిగిలి ఉండి, పరీక్షలో వ్యాధి ఉన్నట్టే ఫలితం వచ్చే అవకాశం ఉంది. అప్పుడు మంచి రక్తం పారబోయవలసి వస్తుంది. దాతకు లేని జబ్బు ఉందన్న కబురు అందుతుంది. నర్సింగ్, వైద్య విద్యార్థులు ఈ టీకాను మూడు మోతాదులుగా వేయించుకుంటారు, రక్తదాన శిబిరాలకు ముందుగా వచ్చేవారూ తరచు వారే. కాబట్టి మోతాదు తేదీని ప్రతిసారీ అడగడం అవసరం.

కుక్కకాటు తరవాతి రేబిస్ టీకా పైకి చూస్తే నిర్జీవ టీకాయే, అయినా గడువు ఏకంగా ఒక సంవత్సరం. కారణం టీకాలో లేదు, కాటులో ఉంది. రేబిస్ వైరస్ ఒంట్లో ప్రవేశించాక లక్షణాలు బయటపడడానికి వారాల నుంచి నెలలు పట్టవచ్చు. కరిచిన జంతువు సంగతి తేలనప్పుడు ఆ కాలం దాటేదాకా ఆగుతారు. ఇదే తర్కంతో ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే మరొకరి శరీరంలో తయారైన ప్రతిరక్షకాలను సేకరించి ఇచ్చే మందు, తీసుకున్నవారికీ ఏడాది గడువు వర్తిస్తుంది. పాముకాటుకు ఇచ్చే విరుగుడు సీరానికి 28 రోజులు.

కోవిడ్ టీకాల గడువు ఎలా మారిందో చూస్తే ఈ అంకెల వెనక శాస్త్రమే కాక అవసరం కూడా ఉంటుందని తెలుస్తుంది. 2021 మార్చిలో జాతీయ రక్త మార్పిడి మండలి చివరి మోతాదు తరవాత 28 రోజులు ఆగాలని ఆదేశించింది. కోవాగ్జిన్ రెండు మోతాదుల మధ్య 28 రోజుల ఎడం పాటించిన వ్యక్తి ఆ లెక్కన మొదటి మోతాదు నుంచి 56 రోజులపాటు రక్తమివ్వలేడు. మే నెల నుంచి 18 ఏళ్లు నిండినవారందరికీ టీకా మొదలైంది. రక్తదాతల్లో అధిక సంఖ్యాకులు అలా కొత్తగా అర్హులైన యువతే. కోవాగ్జిన్ నిర్జీవ టీకా. కోవిషీల్డ్‌లో వాడిన వైరస్‌కు శరీరంలో వృద్ధి చెందే శక్తి లేదు. కాబట్టి సుదీర్ఘమైన గడువుకు శాస్త్రీయమైన పట్టు తక్కువ. మే మొదటి వారంలో మండలి ఆ గడువును ప్రతి మోతాదు తరవాతా 14 రోజులకు తగ్గించింది.

జ్వరం తరవాత

జ్వరం ఒక వ్యాధి కాదు, అనేక వ్యాధుల గుర్తు. కాబట్టి ‘జ్వరం వస్తే ఎన్ని రోజులు ఆగాలి’ అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. మామూలు జలుబు, దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులతో వచ్చిన జ్వరానికి లక్షణాలన్నీ పూర్తిగా తగ్గేదాకా ఆగితే చాలు. విరేచనాలకూ, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్‌కూ పూర్తిగా కోలుకుని మందులు ఆపాక రెండు వారాలు. ఆటలమ్మ, తట్టు, గవదబిళ్లలకు కోలుకున్నాక రెండు వారాలు. మలేరియాకు చికిత్స పూర్తయి లక్షణాలు పోయాక మూడు నెలలు. డెంగీ, చికున్‌గున్యాలకు పూర్తిగా కోలుకున్నాక ఆరు నెలలు. టైఫాయిడ్‌కు కోలుకున్నాక పన్నెండు నెలలు. ఈ గడువులన్నీ జ్వరం మొదలైన రోజు నుంచి కాక, కోలుకున్న రోజు నుంచే లెక్కకు వస్తాయి. దాతలు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

శిబిరంలో దాత ఒంటి వేడి చూస్తారు. అది 37 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. అయితే ఉదయం పారాసిటమాల్ వేసుకుని వచ్చినవాడి ఒళ్లు కొన్ని గంటలపాటు చల్లగానే ఉంటుంది. అందువల్ల థర్మామీటరు అంకె కంటే ‘నిన్న, ఇవాళ ఏ మాత్ర వేసుకున్నారు’ అన్న ప్రశ్నకు విలువ ఎక్కువ. ఒళ్లునొప్పులకు ఆస్పిరిన్ వేసుకున్నవారి విషయంలో మరో కారణం తోడవుతుంది. ఆ మందు తగిలిన ప్లేట్‌లెట్లు గడ్డకట్టే గుణాన్ని తిరిగి పొందవు. కాబట్టి ఆ సంచి నుంచి ప్లేట్‌లెట్లు వేరుచేయదలిస్తే మూడు రోజులు ఆగాలి.

తేలికపాటి విరేచనాలకు రెండు వారాలు ఎందుకన్నది చాలామందికి అర్థం కాదు. యెర్సీనియా ఎంటరోకోలిటికా అనే బాక్టీరియా పేగుల్లో చేరి కొద్దిపాటి కడుపునొప్పి, విరేచనాలు కలిగిస్తుంది. కొన్నాళ్లపాటు అతి స్వల్ప సంఖ్యలో రక్తంలోకీ వస్తుంది. ఆ దశలో దాతకు ఏ బాధా ఉండకపోవచ్చు. ఎర్రకణాలను నిల్వచేసే 2 నుంచి 6 డిగ్రీల చలిలో చాలా బాక్టీరియాలు పెరగలేవు గాని, ఇది పెరుగుతుంది. పెరుగుదలకు కావలసిన ఇనుము దానికి ఎర్రకణాల సంచిలో సమృద్ధిగా దొరుకుతుంది. మూడు వారాలు దాటిన సంచిని ఎక్కించినప్పుడు రోగికి ఒక్కసారిగా వణుకు, తీవ్ర జ్వరం, రక్తపోటు పడిపోవడం జరిగి ప్రాణాంతకమైన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. దాతను వెనక్కి వెళ్లి విచారిస్తే కొన్ని రోజుల కిందట కడుపు చెడిందన్న జవాబు వచ్చిన సందర్భాలు వాటిలో ఉన్నాయి.

టైఫాయిడ్ గడువు తెలుగు ప్రాంతాల్లో ఒక ఇబ్బంది తెచ్చిపెడుతోంది. ఇక్కడ జ్వరం వచ్చిన నాలుగో రోజుకు వైడాల్ అనే పరీక్ష చేయించడం, అందులో కాస్త ఎక్కువ అంకె కనిపించగానే టైఫాయిడ్ అని చెప్పడం సర్వసాధారణం. ఆ పరీక్ష గతంలో సోకిన జబ్బుకూ, వేరే ఇన్‌ఫెక్షన్లకూ కూడా ఎక్కువ అంకె చూపగలదు; నిర్ధారణకు రక్తం కల్చర్ చేయాలి. వైరల్ జ్వరం వచ్చినవాడు కేవలం వైడాల్ కాగితం పట్టుకుని ఏడాదిపాటు దాతల జాబితా నుంచి తప్పుకోవడం నష్టమే. అయినా శిబిరంలోని వైద్యుడు ఆ కాగితాన్ని తోసిపుచ్చలేడు. సందేహం వచ్చిన చోట రోగి పక్షాన నిలవడమే ఈ నియమాల ధోరణి.

యాంటీబయాటిక్ మందుల తరవాత

యాంటీబయాటిక్ వాడినవారు చివరి మోతాదు తరవాత రెండు వారాలు ఆగాలి, అప్పటికి ఆరోగ్యంగా కూడా ఉండాలి. రక్తంలో కలిసిన మందు రోగికి హాని చేస్తుందని ఈ నియమం పెట్టారని చాలామంది అనుకుంటారు. అది పాక్షిక సత్యమే. పెన్సిలిన్ పడని రోగికి ఆ మందు ఆనవాళ్లున్న రక్తం ఎక్కిస్తే దద్దుర్లు, అంతకంటే తీవ్రమైన ప్రతిచర్య కలిగే వీలుంది. అయితే అమాక్సిసిలిన్ వంటి మందు ఒక రోజులోనే శరీరం నుంచి దాదాపు పూర్తిగా పోతుంది. అజిత్రోమైసిన్ కణజాలంలో రోజుల తరబడి నిలిచే మాట నిజమే గాని, అన్ని మందులకూ ఒకే గడువు ఉండడాన్ని అది వివరించదు.

అసలు కారణం మందు వెనక ఉన్న జబ్బు. యాంటీబయాటిక్ బాక్టీరియాను అణచివేస్తుంది, జ్వరం దిగుతుంది, మనిషి లేచి తిరుగుతాడు. అంతమాత్రాన బాక్టీరియా పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిందని కాదు. మందు ఆపిన తరవాత జబ్బు తిరగబెట్టేదైతే సాధారణంగా రెండు వారాల్లోపు బయటపడుతుంది. మందు వాడుతుండగా రక్తం తీస్తే ఈ పరిశీలనకు అవకాశమే ఉండదు. ముప్పు అధికంగా ఉండేది ప్లేట్‌లెట్ల సంచిలో. ప్లేట్‌లెట్లను చలిలో పెట్టరు. 20 నుంచి 24 డిగ్రీల దగ్గర, నెమ్మదిగా ఊగే పలకపై ఐదు రోజులు నిల్వ చేస్తారు. ఆ వేడి చాలా బాక్టీరియాలకు అనుకూలం కావడం వల్ల, తీసినప్పుడు సంచి మొత్తంలో పదుల సంఖ్యలో ఉన్న బాక్టీరియా మూడో నాలుగో రోజుకు లెక్కకు మించుతుంది. అటువంటి సంచిలో కొన్నిసార్లు ప్లేట్‌లెట్ల సహజమైన సుడి కదలిక మాయమవడం, గడ్డలు కనిపించడం, రంగు మారడం జరుగుతాయి. కొన్నిసార్లు పైకి ఏమీ తెలియదు.

ఇక్కడి వాడుకలో ఇంకో చిక్కు ఉంది. పల్లెల్లో ఆర్‌ఎంపీ వైద్యుడు కాగితం పొట్లంలో ఇచ్చిన మాత్రల్లో యాంటీబయాటిక్ ఉందో లేదో దాతకు తెలియదు. ‘జ్వరం సూది’ అంటే ఏ మందో అసలే తెలియదు. ఏ మందో తెలియనప్పుడు వివరాలు దొరికేదాకా వాయిదా వేయాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. చీటీ గానీ, ఖాళీ మాత్రల రేకు గానీ వెంట తెచ్చుకుంటే ఆ సమస్య అక్కడికక్కడే తీరుతుంది. పంటి పీకుడుకు ముందో తరవాతో యాంటీబయాటిక్ వాడినవారు రెండు వారాల లెక్క వేసుకోకూడదు. పన్ను తీయించుకున్నందుకే ఆరు నెలల గడువు ఉంది.

దేశాన్నిబట్టి ఈ లెక్క మారుతుంది. బ్రిటన్‌లో జబ్బు నయమయ్యాక 14 రోజులు, చివరి మాత్ర తరవాత 7 రోజులు గడవాలి. అమెరికన్ రెడ్‌క్రాస్ నోటి మాత్రల కోర్సు పూర్తయి, ఇన్‌ఫెక్షన్ లేకపోతే స్వీకరిస్తుంది. నిర్జీవ టీకాల్లో చాలావాటికి అమెరికాలో గడువే లేదు. అక్కడ స్థిరపడిన తెలుగువారు సెలవుల్లో స్వగ్రామం వచ్చి రక్తమివ్వబోయినప్పుడు ఇక్కడి గడువులే వర్తిస్తాయి.

తేదీలు కలిసినప్పుడు

వాస్తవంలో ఈ కారణాలు విడివిడిగా రావు. మాదిరికి ఒక పురుష దాతను తీసుకుంటే, అతను ఏప్రిల్ 30న రక్తమిచ్చాడు. జూలై 2న గొంతునొప్పితో జ్వరం వచ్చింది. 3వ తేదీ నుంచి ఐదు రోజులు అమాక్సిసిలిన్ వాడి 7వ తేదీ రాత్రి చివరి మాత్ర వేసుకున్నాడు. జ్వరం 5నే దిగినా దగ్గు 9 దాకా ఉంది. ఈలోగా 8న ఇనుప రేకు గీరుకుని టీటీ ఇంజక్షన్ చేయించుకున్నాడు. జ్వరం, దగ్గుల లెక్కన జూలై 9 దాటితే చాలు. యాంటీబయాటిక్ లెక్కన 7 నుంచి రెండు వారాలు, అంటే 21. టీటీ లెక్కన 8 నుంచి 14 రోజులు, అంటే 22. పురుషులకు రెండు రక్తదానాల మధ్య 90 రోజులు ఉండాలి కాబట్టి ఏప్రిల్ 30 నుంచి లెక్కిస్తే జూలై 29. గడువులను ఒకదానిపై ఒకటి కూడరు. అన్నిటిలోకీ ఆఖరున వచ్చే తేదీనే పాటిస్తారు. కాబట్టి ఇతను జూలై 29కి ముందు ఇవ్వలేడు. స్త్రీలకైతే రెండు దానాల మధ్య ఎడం 120 రోజులు గనుక తేదీ ఆగస్టు 28కి జరుగుతుంది.

అదే జ్వరం డెంగీ అని తేలి ఉంటే, కోలుకున్న జూలై 9 నుంచి ఆరు నెలలు, అంటే మరుసటి జనవరి 9. టైఫాయిడ్ అయితే మరుసటి జూలై 9. గాయం ఇనుప రేకుది కాక కుక్కకాటు అయి రేబిస్ టీకా వేయించుకుని ఉంటే, ఆ టీకాను ఆధారం చేసుకుని ఒక సంవత్సరం. మొదటి మూడు రోజుల్లో అందరి జ్వరమూ ఒకేలా ఉన్నా, దానికి పెట్టిన పేరును బట్టి విరామం వారాల నుంచి ఏడాదికి మారుతుంది.

రక్తమిచ్చాక వచ్చే జ్వరం

ఎంత గడువు పెట్టినా, జ్వరం ఇంకా రాని మనిషిని అది ఆపలేదు. డెంగీ వైరస్ జ్వరం మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందే రక్తంలో ఉంటుంది. సోకినవారిలో చాలామందికి జ్వరమే రాదు. జ్వరం దిగిన కొద్ది రోజులకు వైరస్ రక్తం నుంచి తొలగిపోతుంది గనుక ఆరు నెలల గడువు అవసరానికి మించినదనే చెప్పాలి. అసలు ప్రమాదం గడువుకు ఇవతలి వైపున ఉంది. సింగపూర్‌లో 2007లో ఒక దాత ఏ లక్షణమూ లేకుండా రక్తమిచ్చాడు. మరునాడు అతనికి జ్వరం వచ్చింది. రక్త కేంద్రానికి కబురు అందేసరికి అతని రక్తభాగాలు ముగ్గురు రోగులకు చేరిపోయాయి. ఎర్రకణాలు, ప్లాస్మా అందుకున్న ఇద్దరికీ డెంగీ జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు అందుకున్న మూడో వ్యక్తికి జ్వరం రాలేదు గాని, పరీక్షలో సోకిన ఆనవాలు కనిపించింది.

ప్లేట్‌లెట్లను ఐదు రోజుల్లోగా వాడేస్తారు; ఎర్రకణాలు వాడుకలోని సాధారణ ద్రావణంలో 35 రోజులు నిలుస్తాయి. అందుచేత రక్తమిచ్చిన తరవాత రెండు వారాల్లోగా జ్వరం, విరేచనాలు, దద్దుర్లు వచ్చినవారు, లేదా ఇటీవల వేయించుకున్న టీకా సంగతి చెప్పడం మరచిపోయినవారు దాత కార్డుపై ఉన్న నంబరుకు ఫోన్ చేసి, రక్తమిచ్చిన తేదీ, సంచి సంఖ్య చెబితే, అప్పటికి ఎక్కించకుండా మిగిలిన భాగాలను సిబ్బంది పక్కన పెడతారు.